సోయా పాలకు భయపడకండి, థైరాయిడ్ మాత్రకు మాత్రం దూరంగా పెట్టండి

ప్రశ్న: అక్కా, మేమిద్దరం ఈ దేశం వచ్చి కొద్ది నెలలే అయింది. మామూలు పాలు పడక సోయా పాలకు మారాం. నాకు పెళ్లికి ముందునుంచే థైరాయిడ్ తక్కువ, రోజూ మాత్ర వేసుకుంటాను. సోయాలో ఆడ హార్మోన్ లాంటిదేదో ఉంటుందనీ, థైరాయిడ్‌ని దెబ్బ తీస్తుందనీ చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. మా వారైతే మగవాళ్లకు అసలు మంచిది కాదని గ్లాసు ముట్టడం మానేశారు. ఇద్దరం మానేయమంటారా?

జవాబు: మానేయక్కర్లేదమ్మా. రాత్రిపూట ఫోన్‌లో చదివే భయాలు పగటి భయాలకంటే పెద్దగా కనిపిస్తాయి. పక్కన "అదేం లేదులే" అనేవాళ్లు లేని ఊళ్లో మరీనూ. నువ్వు కనుక్కోవాల్సింది సోయా మంచిదా చెడ్డదా అని కాదు, మాత్ర ఎప్పుడు వేసుకుంటున్నావు, పాలు ఎప్పుడు తాగుతున్నావు అని. నాకూ ఇదే మాత్ర. కొత్తగా వచ్చినప్పుడు ఈ ఒక్క విషయం చెప్పేవాళ్లు లేక చాలాకాలం ఇబ్బంది పడ్డాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఇంటి దగ్గర ఉన్నప్పుడు లేవగానే అమ్మ నీళ్ల గ్లాసూ మాత్రా చేతికిచ్చేది. ఆ తర్వాత స్నానం, పూజ, కాఫీ. మధ్యలో గంట దానంతటదే గడిచిపోయేది. థైరాయిడ్ తక్కువైతే పెరిగేది, ఎక్కువైతే పడిపోయేది రక్తపరీక్షలో టీఎస్‌హెచ్. అప్పుడు నాది 2.1, మోతాదు 75 మైక్రోగ్రాములు. ఇక్కడికొచ్చాక అలారం మోగిన కాసేపటికే బస్సు. సోయా పాలతో కాఫీ కలుపుకుని, మాత్రను దానితోనే మింగేసి పరిగెత్తేదాన్ని. రోజూ మాత్ర వేసుకుంటున్నాను కదా, ఇక లోటేముంది అనుకున్నాను.

కొన్నాళ్లకు ఒళ్లు బరువెక్కింది. ఎంత పడుకున్నా నిద్ర తీరదు. ఎవరికీ చలి లేనప్పుడు నాకు చలి. చర్మం పొడిబారింది, గొంతు కొంచెం బొంగురుపోయింది, ఊరికే ఏడుపొచ్చేది. దేశం కాని దేశం, మాట్లాడేవాళ్లు లేరు, ఇంటి మీద బెంగ అని సరిపెట్టుకున్నాను. ఫోన్‌లో అమ్మ "గొంతు మారిందే" అన్నా జలుబు అనేశాను. ఈ విషయం నీకు మరీ మరీ చెప్తున్నాను. కొత్తగా వచ్చినవాళ్లకు ఒంటరితనం వల్ల ఏమేం కలుగుతాయో, థైరాయిడ్ తగ్గినా దాదాపు అవే కలుగుతాయి. నీరసం, నిద్ర, దిగులు, ఎవరినీ కలవాలనిపించకపోవడం. ఇంట్లో నలుగురుంటే మొహం ఉబ్బిందనో జుట్టు రాలుతోందనో ఎవరో ఒకరు పట్టేస్తారు. ఒంటరిగా ఉన్నవాళ్లను పట్టేది రక్తపరీక్ష ఒక్కటే.

చివరికి పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ 9.6 వచ్చింది. మామూలుగా 4 లోపు ఉండాలి. డాక్టరు మాత్ర సరిగ్గా వేసుకుంటున్నారా అని అడిగారు, అవునన్నాను. దేనితో వేసుకుంటున్నారని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. మోతాదు 100కి పెరిగింది, ఒళ్లు తేలికపడింది. ఆ తర్వాత ఉద్యోగం వేళ మారి, నేను మళ్లీ పాత పద్ధతికి వచ్చాను. లేవగానే నీళ్లతో మాత్ర, ఆఫీసుకు వెళ్లాక సోయా పాల కాఫీ. కొద్దివారాల్లో గుండె దడ, చేతుల్లో సన్న వణుకు, రాత్రంతా మెలకువ. ఈసారి టీఎస్‌హెచ్ 0.1కి పడిపోయింది. మాత్ర ఇచ్చే ఫార్మసిస్టు "ఈ మధ్య మీ దినచర్యలో ఏం మారింది?" అని అడిగితేనే మొత్తం బయటపడింది. ముందు మాత్ర సరిగ్గా ఒంటికి పట్టేది కాదు కాబట్టి 100 కావలసి వచ్చింది. సరిగ్గా పట్టడం మొదలయ్యాక అదే 100 ఎక్కువైపోయింది. మళ్లీ 75కి దించారు, టీఎస్‌హెచ్ రెండు దగ్గర నిలబడింది. ఇప్పటికీ రోజూ సోయా పాలు తాగుతూనే ఉన్నాను.

నువ్వు చదివిన ఆ ఆడ హార్మోన్ లాంటివి సోయాలోని ఐసోఫ్లేవోన్లు. నా కథలో వాటి పాత్ర చాలా తక్కువ. మనం మింగే లెవోథైరాక్సిన్ పరగడుపున కూడా మొత్తం ఒంటికి పట్టదు, 60 నుంచి 80 శాతం దాకా పడుతుంది. కడుపులో ఇంకేదైనా ఉంటే ఆ కాస్తా తగ్గుతుంది. సోయా పిండి ఈ మాత్ర పట్టకుండా అడ్డుపడవచ్చని మందు చీటీలోనే రాసి ఉంటుంది. పైగా డబ్బా సోయా పాలల్లో చాలావాటికి కాల్షియం కలుపుతారు, గ్లాసుకు దాదాపు 300 మిల్లీగ్రాములు. కాల్షియం ఈ మాత్రను పేగుల్లోనే పట్టి ఉంచేస్తుంది. కాఫీ కూడా కొంత అడ్డు. నేను మూడిటినీ ఒకే గ్లాసులో పోసుకున్నాను. ఒకసారి డబ్బా అడుగున చేత్తో తడిమి చూడు, తెల్లటి మెత్తని పిండి తగులుతుంది. కలిపిన కాల్షియం అలా కిందికి దిగిపోతుంది. డబ్బా ఊపకుండా పోసుకుంటే మొదటి గ్లాసుల్లో తక్కువ, చివరి గ్లాసులో ఎక్కువ. అంటే నీ మాత్రకు ఎదురయ్యే అడ్డు కూడా రోజూ ఒకేలా ఉండదన్నమాట.

అందుకని మాత్ర ఎప్పుడూ మంచినీళ్లతోనే. అరగంట నుంచి గంట దాకా ఏమీ వద్దు. కాల్షియం కలిపిన సోయా పాలు, ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర నాలుగు గంటల తర్వాతే. పొద్దున అన్ని గంటలు ఆగడం కుదరదంటే డాక్టరుకు చెప్పి మాత్రను రాత్రికి మార్చుకోవచ్చు. భోజనమై మూడు గంటలైనా గడిచాక, పడుకోబోయే ముందు వేసుకోవాలి. ఏ పద్ధతి పెట్టుకున్నా రోజూ అదే ఉండాలి. ఈ మందు ఒంట్లో సగానికి తగ్గడానికి సుమారు ఒక వారం పడుతుంది కాబట్టి ఇవాళ మార్చిన అలవాటు రేపటి పరీక్షలో కనిపించదు. ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి టీఎస్‌హెచ్ చూపించుకుంటేనే అసలు సంగతి తెలుస్తుంది. మధ్యలో నీ అంతట నువ్వు మోతాదు మార్చకు.

ఇక నువ్వు చదివిన భయం దగ్గరికి వద్దాం. అది పూర్తిగా గాల్లోంచి పుట్టిందేమీ కాదు. సోయాలోని ప్రధాన ఐసోఫ్లేవోన్లయిన జెనిస్టీన్, డైడ్‌జీన్ థైరాయిడ్ హార్మోన్ తయారీకి కావలసిన ఒక ఎంజైమును అడ్డుకోగలవని ల్యాబ్ ప్రయోగాల్లో తేలింది. మనుషుల్లో చేసిన 18 పరీక్షలను కలిపి 2019లో లెక్క చూస్తే థైరాయిడ్ హార్మోన్లయిన టీ3, టీ4 మారలేదు, టీఎస్‌హెచ్ మాత్రం స్వల్పంగా పెరిగింది. థైరాయిడ్ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది లెక్కలోకి వచ్చేది కాదు. జాగ్రత్త పడాల్సింది అంచున ఉన్నవాళ్లు, అంటే టీఎస్‌హెచ్ కాస్త పెరిగి ఇంకా మాత్ర మొదలుపెట్టనివాళ్లు. అలాంటి 60 మందికి బ్రిటన్‌లో చేసిన ఒక పరీక్ష ఫలితం 2011లో వచ్చింది. ఎనిమిది వారాల చొప్పున సోయా ప్రొటీన్‌ను ఒకసారి 2 మిల్లీగ్రాములు, మరోసారి 16 మిల్లీగ్రాముల ఐసోఫ్లేవోన్లతో ఇచ్చారు. 16 తీసుకున్న కాలంలో ఆరుగురికి పూర్తిస్థాయి హైపోథైరాయిడిజం వచ్చింది. ఒక గ్లాసు సోయా పాలల్లో 25 దాకా ఉండొచ్చు. చిన్న పరీక్షే, కానీ అంచున ఉన్నవాళ్లు రోజూ సోయా తాగుతుంటే టీఎస్‌హెచ్ చూపించుకుంటూ ఉండాలని చెప్పడానికి చాలు. నువ్వు ఎలాగూ మాత్ర వేసుకుంటున్నావు, లోటేదైనా ఉంటే మోతాదులోనే సరిచేస్తారు.

అయోడిన్ సంగతి మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. 1950లలో, 60లలో సోయా పాలపొడి తాగిన పసిపిల్లల్లో కొందరికి గొంతు దగ్గర వాపు వచ్చింది. ఆ పొడికి అయోడిన్ కలపడం మొదలుపెట్టాక ఆ బాధ దాదాపు పోయింది. పెద్దవాళ్లకూ అదే సూత్రం. అయోడిన్ సరిపోతే సోయా వల్ల పెద్దగా ఏమీ కాదు, అది తక్కువైతే సోయా ఆ లోటును పైకి తెస్తుంది. కొత్త దేశంలో అయోడిన్ మనకు తెలియకుండానే తగ్గిపోతుంది. పాల ద్వారా వచ్చేది పాలు మానగానే పోయింది. సోయా పాలకు కాల్షియం కలిపినంతగా అయోడిన్ కలపరు, లేబుల్ మీద ఆ పేరుందో లేదో చదువు. బయటి తిండిలో వాడే ఉప్పు తరచుగా అయోడిన్ లేనిదే. పెద్దవాళ్లకు రోజుకు 150 మైక్రోగ్రాములు కావాలి. అలాగని సముద్రపు నాచు మాత్రలు కొనుక్కోకు. వాటిలో అయోడిన్ మోతాదు మించిపోయి అదే థైరాయిడ్‌ని చెడగొట్టగలదు. ఇంట్లో అయోడిన్ ఉప్పు వాడితే చాలు. గర్భం అని తెలిసిన రోజే డాక్టరుకు ఫోన్ చెయ్యి. అప్పుడు అయోడినూ ఎక్కువ కావాలి, మాత్ర మోతాదూ సాధారణంగా పెంచాలి.

మీ వారికి ఇది చదివి వినిపించు. ఐసోఫ్లేవోన్ల ఆకారం ఈస్ట్రోజెన్‌ను పోలి ఉంటుంది నిజమే, కానీ ఒంట్లో అవి చేసే పని చాలా బలహీనం. మగవాళ్ల మీద జరిగిన పరీక్షలన్నీ కలిపి 2010లో ఒకసారి, 2021లో ఇంకోసారి చూశారు. సోయా తిన్నా, ఐసోఫ్లేవోన్లు తీసుకున్నా టెస్టోస్టెరాన్ తగ్గలేదు. 2021లో ఈస్ట్రోజెన్ కూడా చూశారు, అదీ పెరగలేదు. ఆయన చదివింది బహుశా 2008లో వచ్చిన ఒక రోగి కథ అయ్యుంటుంది. అరవై ఏళ్ల మనిషికి ఛాతీ పెరిగి నొప్పి పుట్టింది. ఆయన తాగింది రోజుకు దాదాపు మూడు లీటర్ల సోయా పాలు! మానేశాక నొప్పి పోయింది, హార్మోన్లు సర్దుకున్నాయి. రోజుకు ఒకటి రెండు గ్లాసులు తాగే మనిషికి ఆ కథతో సంబంధం లేదు.

నీ హార్మోన్ల భయానికీ జవాబు ఇంచుమించు ఇదే. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, షాంఘైలో రొమ్ము క్యాన్సర్ నుంచి బయటపడ్డ 5,042 మందిని గమనిస్తే, సోయా ఎక్కువ తిన్నవాళ్లలో జబ్బు తిరగబెట్టడం తక్కువగానే కనిపించింది. అది తిండిగా తిన్న సోయా సంగతి. ఐసోఫ్లేవోన్ మాత్రలు వేరు. ఒక్క మాత్రలోనే గ్లాసుల కొద్దీ పాలల్లో ఉండేంత ఉండొచ్చు, డాక్టరును అడగకుండా వాటి జోలికి పోకు.

వచ్చేటప్పుడు తెచ్చుకున్న మాత్రలు అయిపోయేదాకా ఆగకుండా ఇక్కడ డాక్టరును చూసుకో. మందులు తెప్పించుకునే నియమాలు ప్రభుత్వ సైటులో ఉంటాయి. వెళ్లినప్పుడు పాత రిపోర్టూ, మాత్రల పెట్టె కూడా పట్టుకెళ్లు, కంపెనీ మారితే మళ్లీ పరీక్ష చేయాల్సి రావచ్చు. డాక్టరు అడగకపోయినా "పొద్దున ఇన్ని గంటలకు మాత్ర, ఇన్ని గంటలకు సోయా పాలు" అని నువ్వే చెప్పు. ఈలోగా వారానికొకసారైనా మీ అమ్మతో వీడియోలో మాట్లాడు. మొహం ఉబ్బిందనో గొంతు మారిందనో ఆవిడ అంటే, జలుబు అని కొట్టిపారేయకుండా ఆ వారంలోనే రక్తం ఇచ్చి రా.