ఫ్లెక్సీ మీద 47 ఫొటోలు, క్లాసులో కూర్చున్నది ఎంతమంది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది విజయనగరంలో డీఎస్సీ కోచింగ్ సెంటర్, 120 మంది ఉంటారు, పక్కనే నవోదయ బ్యాచ్ కూడా నడుపుతున్నాం. 2025 డీఎస్సీలో మా దగ్గర 47 మంది సెలెక్ట్ అయ్యారు, ఫొటోలతో ఫ్లెక్సీలు కట్టాం, వాట్సాప్ స్టేటస్‌లు పెట్టాం. అందులో ఒకమ్మాయి ఫోన్ చేసి నా ఫొటో తీసేయండి లేకపోతే కంప్లైంట్ ఇస్తా అంటోంది. ఆమె మా దగ్గర గ్రాండ్ టెస్టులు రాసింది, ఆ ఫారంలో ఫొటో వాడుకోవచ్చని సంతకం కూడా పెట్టింది. మేం తప్పు చేశామా? అడ్మిషన్లకి స్టూడెంట్ల రిజల్ట్ చూపించకుండా ఎలా కుదురుతుంది?

జవాబు: మాస్టారూ, ముందు ఆ ఫ్లెక్సీ దింపించండి, వాట్సాప్, ఫేస్‌బుక్‌లో ఉన్నవి కూడా ఇవాళే తీసేయండి, మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. ఎందుకంటే మీ దగ్గరున్న ఆ సంతకం మిమ్మల్ని కాపాడదు.

కోచింగ్ ప్రకటనల మీద 2024 నవంబర్‌లో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ, అదే సీసీపీఏ అంటాం కదా, విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. అందులో చాలామంది సెంటర్ వాళ్ళు ఇప్పటికీ చదవని మాట ఒకటుంది, సెలెక్ట్ అయిన స్టూడెంట్ పేరుగానీ ఫొటోగానీ వీడియోగానీ వాడాలంటే రాతపూర్వక అనుమతి కావాలి, అదీ సెలెక్ట్ అయిన తర్వాత తీసుకున్నది కావాలి. జాయినింగ్ ఫారంలో ఏడో పాయింటో ఎనిమిదో పాయింటో పెట్టి ముందే సంతకం చేయించుకోవడం కుదరదు. ఆ రోజు ఆమెకి సీటో టెస్ట్ పేపరో కావాలి, మీరు ఏ కాగితం ఇచ్చినా సంతకం పెడుతుంది, దాన్ని ఇష్టపడి ఇచ్చినట్టు ఎలా అనుకుంటాం చెప్పండి? ఉద్యోగం వచ్చాక అడగండి, అప్పుడు ఇవ్వడానికీ వద్దనడానికీ ఆమెకి భయముండదు, రూల్ పెట్టిందే అందుకు.

చిన్న సెంటర్ కదా అని తప్పించుకోవడం కూడా లేదు, 50 మంది దాటి చెప్తుంటే ఆ మార్గదర్శకాలు మీకు వర్తిస్తాయి, మీకు 120 మంది. 50 లోపు ఉన్నా సరే, తప్పుదోవ పట్టించే ప్రకటన అన్నది 2019 వినియోగదారుల చట్టంలోనే ఉంది, అది ఇంటి అరుగు మీద ట్యూషన్‌కీ వర్తిస్తుంది.

ఇక అసలు విషయానికొస్తే, ఆమె కంప్లైంట్ ఇచ్చినా ఇవ్వకపోయినా నాకు మీ 47 అనే అంకె దగ్గరే భయం. ఆమె గ్రాండ్ టెస్టులు మాత్రమే రాసిందని మీరే రాశారు. ఫోన్‌లో అడిగితే లెక్క ఇలా తేలింది, 47లో 14 మంది మీ రెగ్యులర్ క్లాసులో కూర్చున్నవాళ్ళు, 9 మంది ఫీజు కట్టి నెలరోజుల క్రాష్ కోర్సు చేసినవాళ్ళు, మిగతా 24 మంది ఫ్రీ గ్రాండ్ టెస్టులు రాసి వెళ్ళినవాళ్ళు, అంటే సగం పైన! వాళ్ళలో చాలామంది కోచింగ్ వేరేచోట తీసుకునుంటారు లేదా ఇంట్లో చదువుకునుంటారు. మీ ఫ్లెక్సీ చూసి గజపతినగరం నుంచి వచ్చిన తండ్రి ఏమనుకుంటాడు, ఈ సెంటర్లో రెగ్యులర్ కోర్సుకి ఫీజు కడితే 47 మందికి ఉద్యోగాలొచ్చాయి అనుకుంటాడు, కడతాడు. మీరు ఎక్కడా అబద్ధం రాయలేదు, నిజమే, కానీ ఆ ఫొటోలన్నీ పక్కపక్కన పెట్టి ఏ కోర్సో రాయకుండా ఉండటమే ఆయనకి ఆ మాట చెప్పింది. ముఖ్యమైన సమాచారం కావాలని దాచిపెట్టడం కూడా తప్పుదోవ పట్టించే ప్రకటనే అని చట్టం 2వ సెక్షన్ 28వ క్లాజులో రాసుంది.

ఇదేదో నేను ఊహించి భయపెట్టేది కాదు. ఢిల్లీలో పేరున్న ఒక యూపీఎస్సీ కోచింగ్ 2022 సివిల్స్‌లో 216 పైన సెలెక్షన్లు అని ప్రకటన వేసింది, సీసీపీఏ వివరాలు అడిగితే అందులో 162 మంది చేసింది ఫ్రీ ఇంటర్వ్యూ గైడెన్స్ మాత్రమే అని తేలింది, అంటే ప్రిలిమ్స్, మెయిన్స్ వాళ్ళు సొంతంగా దాటుకొచ్చాక చివర్లో వచ్చి మాక్ ఇంటర్వ్యూ ఇచ్చి వెళ్ళారు. 2025లో ఆ సంస్థకి 5 లక్షల జరిమానా పడింది. అంతకుముందు ఏడాది కూడా ఇలాంటి ప్రకటనకే 3 లక్షల జరిమానా పడింది, అయినా మారలేదు. చట్టంలో మొదటిసారికి 10 లక్షల దాకా, మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా వేయొచ్చు. మీ స్థాయికి అంత పడుతుందని నేననను, కానీ మీ ఫ్రీ గ్రాండ్ టెస్టులకీ వాళ్ళ ఫ్రీ ఇంటర్వ్యూకీ తేడా ఏముంది?

సరే, మరి ఏం వేయాలి అంటారా. స్టూడెంట్ ఫొటో పక్కనే పేరు, ర్యాంకు, ఏ కోర్సు, ఎన్నాళ్ళ కోర్సు, డబ్బు కట్టిందా ఫ్రీయా, ఇవన్నీ ఉండాలి, అదీ కింద చీమ తలకాయంత అక్షరాల్లో స్టార్ గుర్తు పెట్టి కాదు, మిగతా ముఖ్యమైన విషయాలు ఏ సైజులో ఉంటే ఇవీ అదే సైజులో. తెలుగు ఫ్లెక్సీ కింద ఇంగ్లీష్‌లో కండిషన్స్ రాయడం కూడా వద్దు, ప్రకటన ఏ భాషలో ఉంటే వివరణ కూడా ఆ భాషలోనే ఉండాలని 2022 మార్గదర్శకాలు చెప్తున్నాయి.

మీ ఫ్లెక్సీ నేను రాస్తే ఇలా రాస్తా. పైన పెద్దక్షరాల్లో "డీఎస్సీ 2025లో మా రెగ్యులర్ బ్యాచ్ నుంచి 14 మంది, క్రాష్ కోర్సు నుంచి 9 మంది ఎంపిక". కింద ఒక్కొక్క ఫొటో దగ్గర "ఎస్జీటీ, జిల్లా ర్యాంకు ఇంత, రెగ్యులర్ కోర్సు, 6 నెలలు, ఫీజు కట్టి చదివారు" అని. ఆ 24 మందిని కూడా వేయాలనే ఉంటే, వాళ్ళు ఒప్పుకుంటే, విడిగా కింద "మా ఫ్రీ గ్రాండ్ టెస్టులు రాసినవాళ్ళు" అని శీర్షిక పెట్టి వేయండి, వాళ్ళని కలిపి 47 అని మాత్రం ఎక్కడా కూడకండి. ఇంకో మాట, రెగ్యులర్‌లో మొత్తం ఎంతమంది చేరారో వేయాలని ఆ మార్గదర్శకాల్లో లేదు, కానీ "80 మంది చేరితే 14 మంది ఎంపిక" అని మీరే వేస్తే నేను చాలా సంతోషిస్తా, ఎందుకంటే అడిగే తండ్రి ఎలాగూ అదే అడుగుతాడు. శాతాలు వేయాలంటే మాత్రం ఆ లెక్క మీ రిజిస్టర్‌లో రుజువయ్యేది అయ్యుండాలి. "గ్యారంటీ ఉద్యోగం", "ఇంక 5 సీట్లే" లాంటివి (మీ పాంప్లెట్‌లో రెండూ ఉన్నాయి, చూశాను) నేరుగా నిషిద్ధం, సీట్లు నిజంగా 5 ఉంటే తప్ప ఆ మాట ఎత్తకండి.

స్టూడెంట్ వీడియోల సంగతి ఇంకా చెప్పాలి, ఎందుకంటే తప్పు ఎక్కువ జరిగేది ఎడిటింగ్‌లో. మీరు పంపిన వీడియోలో ఆ అబ్బాయి "నేను రెండేళ్ళు సొంతంగా ప్రిపేర్ అయ్యా, మెథడాలజీ ఒక్కటే రావట్లేదని సార్ దగ్గర నెలరోజులు చేరాను, క్లియర్ అయింది" అన్నాడని ఒరిజినల్‌లో విన్నాను, స్టేటస్‌లో మాత్రం "సార్ దగ్గర చేరాను, క్లియర్ అయింది" అన్న ముక్కే మిగిలింది. ఆ రెండేళ్ళు కోసేయడమే దాచడం. పైగా నన్నడిగితే ఉన్నదున్నట్టు వదిలేస్తేనే మీకు మంచిది, మెథడాలజీలో ఇరుక్కున్నవాడు రాష్ట్రం నిండా ఉన్నాడు, వాడికి కావలసింది సరిగ్గా ఆ మాటే కదా. కూలివాళ్ళ బిడ్డ, తండ్రి లేని బిడ్డ అని కథ పెట్టేటప్పుడు కూడా వాళ్ళకి ముందు చదివి వినిపించండి, ఇంటి సంగతులు ఊరంతా చూస్తుంది, పెళ్ళి సంబంధాల దగ్గర కూడా అవే తిరుగుతాయి, వద్దంటే తీసేయండి. వీడియో ఇచ్చినందుకు డబ్బో ఫోనో ఇచ్చి ఉంటే ఆ సంగతి వీడియోలోనే కనపడేలా రాయాలి. గూగుల్ రివ్యూ రాస్తే ఫీజులో 500 తగ్గింపు అని మీ కౌంటర్ దగ్గర బోర్డు ఉందట, అది తీసేయండి.

నవోదయ పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. ఆరో తరగతి సీటుకి రాసే పిల్లాడి సంతకానికి విలువ లేదు, మైనర్ ఒప్పందం చెల్లదు, కాబట్టి తల్లి లేదా తండ్రి సంతకం కావాలి. 2023 డేటా చట్టం 9వ సెక్షన్ కూడా 18 ఏళ్ళ లోపు వాళ్ళకి తల్లిదండ్రుల అనుమతే అంటోంది, అది దశలవారీగా అమల్లోకి వస్తోంది, ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి. పిల్లాడి ఊరు, స్కూలు పేరు వేయకండి, అడ్మిషన్‌కి వాటితో పనిలేదు.

అనుమతి పత్రం పెద్దగా అక్కర్లేదు, తెలుగులో నాలుగు లైన్లు చాలు. "నేను డీఎస్సీ 2025లో ఎంపికయ్యాను. ఈ సెంటర్లో నేను ఫలానా కోర్సు, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా చేశాను, ఫీజు కట్టాను లేదా ఫ్రీగా చేశాను. నా ఫొటో, పేరు, ర్యాంకు 2026 డిసెంబర్ దాకా ఫ్లెక్సీలో, వాట్సాప్‌లో వాడుకోవడానికి ఒప్పుకుంటున్నాను. నేను వద్దంటే వారంలో తీసేస్తారు." కింద సంతకం, తేదీ. ఆ తేదీ ఫలితాల తర్వాతది అయ్యుండాలి, వెనక్కి వేసిన తేదీలు వద్దు. దానికి ఆ స్టూడెంట్ జాయినింగ్ ఫారం, ఫీజు రసీదు, మెరిట్ లిస్టులో పేరున్న పేజీ జెరాక్స్ కలిపి ఒక్కొక్కరికి ఒక ఫైల్ పెట్టండి. నోటీసు వస్తే మీ మాట రుజువు చేసుకోవాల్సింది మీరే, అప్పుడు అడిగేవి ఇవే. ఫైల్ తయారు కాని స్టూడెంట్ ఫొటో ఫ్లెక్సీకి వెళ్ళకూడదు, అంతే.

ఇక ఆ అమ్మాయి. కంప్లైంట్ పెట్టాలంటే ఆమె వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఒక్క ఫోన్ చేస్తే చాలు, అక్కడిదాకా రానివ్వకండి. ఫోన్ చేసి వాదించొద్దు, సంతకం ఉంది కదమ్మా అనొద్దు. మెసేజ్ పెట్టండి: "అమ్మా, మీ ఫొటో అన్నిచోట్లా తీసేశాం, మీరు మా దగ్గర ఫ్రీ గ్రాండ్ టెస్టులు మాత్రమే రాశారని రాయకపోవడం మా పొరపాటు, ఎక్కడైనా ఇంకా కనపడితే స్క్రీన్‌షాట్ పంపండి, వెంటనే తీస్తాం." మిగతా 23 మందికి కూడా, వాళ్ళు అడగకముందే, విడివిడిగా ఇలాగే పెట్టండి.