ఓనర్‌కి రాసే ముందు సంపు మూత తెరిచి చూడు

స్వప్నా,

ఓనర్‌కి వాట్సాప్‌లో పంపబోయే లెటర్ ముందు నాకు చూపించి మంచి పని చేశావు. అలాగే పంపకు. "మూడు నెలలుగా నీళ్లకి నరకం చూస్తున్నాం, వెంటనే ఏదో ఒకటి చేయండి" అని రాశావు. ఇరవై ఏళ్లు అద్దెకున్నవాణ్ణి, ఇప్పుడు రెండు పోర్షన్లు అద్దెకిచ్చినవాణ్ణి, ఆ మాట చదివి ఓనర్ ఏం చేస్తాడో నాకు తెలుసు. ఒక ట్యాంకర్ తెప్పిస్తాడు. వారం తర్వాత మళ్లీ మీ బకెట్లు మీవే. ఏం చేయాలో నువ్వే తేల్చి చెప్పకపోతే అతనికి తోచేది ట్యాంకరే.

మీ బిల్డింగ్‌కి బోరు లేదు, ఉన్నదంతా నల్లా నీళ్లే, అవీ రోజు విడిచి రోజు. కాబట్టి చూడాల్సినది సంపు. నల్లా వచ్చే రోజు మూత తీసి నిలబడు. నీళ్లు ఇంకా వస్తుండగానే సంపు నిండి బాల్ వాల్వ్ మూసుకుందా, లేక నల్లా ఆగిపోయాక కూడా సంపు సగమే ఉందా? మొదటిదైతే నిల్వ చాలట్లేదు, అది ఓనర్ చేతిలో పని. రెండోదైతే ప్రెషర్‌లోనో, మీ ఇంటికొచ్చే పైపులోనో లోపం. దానికి బిల్లు మీద ఉండే క్యాన్ నంబర్ చెప్పి జలమండలి 155313కి కంప్లైంట్ ఇవ్వాలి. ఈ రెండూ కలిపి ఒకే లెటర్‌లో రాస్తే ఏ పనీ కాదు.

నిన్న ఫోన్‌లో అల్లుడు సంపు పొద్దున్నే నిండిపోతోందన్నాడు, కొలతలూ చెప్పాడు. లెక్క వేశాను. పొడవు 5 అడుగులు, వెడల్పు 4, లోతు 4, అంటే 80 ఘనపుటడుగులు. ఘనపుటడుగుకి 28 లీటర్ల చొప్పున 2,240 లీటర్లు. అడుగున అర అడుగు నీళ్లు ఫుట్ వాల్వ్‌కి అందవు, ఓ 280 తీసెయ్. పైన వెయ్యి లీటర్ల ట్యాంకు కలిపితే చేతికొచ్చేది దాదాపు 2,960. మీరు నాలుగు పోర్షన్లకి పదిహేను మంది. నగరాల్లో మనిషికి రోజుకి 135 లీటర్లని సర్కారు లెక్క. రెండు రోజులకి 4,050 కావాలి. సుమారు 1,100 లీటర్లు తక్కువ. రెండో రోజు మధ్యాహ్నానికి ట్యాంకు ఖాళీ అవుతోందంటే ఇదే కారణం. పై పోర్షన్ వాళ్లు బట్టలు ఎక్కువ ఉతుకుతారని నువ్వు కోప్పడటం అనవసరం!

ఇంకొక్కటి తేల్చుకో. రాత్రి పదకొండుకి అందరినీ కుళాయిలు కట్టేయమని, మోటారు వేయొద్దని చెప్పి, సంపులోను పైన ట్యాంకులోను నీటి మట్టం దగ్గర చాక్‌పీస్‌తో గీత పెట్టు. తెల్లారి నాలుగింటికి చూడు. నల్లా రాని రాత్రే చెయ్యి. సంపులో గీత దిగితే సంపుకి పగులు. ట్యాంకులో దిగితే పైపో, ఏదో ఒక ఫ్లష్ ట్యాంకో కారుతోంది. మా పాత ఇంట్లో నెలంతా ఓనర్‌తో గొడవపడ్డాక, కారుతున్నది మా ఫ్లషేనని తేలింది. ఆ రోజు నా మొహం చూడాల్సింది.

కారుడు లేదని తేలితే ఇలా రాయి:

"అంకుల్, నమస్తే. సంపు, ట్యాంకు కలిపి వాడుకోగలిగేది 2,960 లీటర్లు. నాలుగు పోర్షన్లలో పదిహేను మందికి రెండు రోజులకి 4,050 కావాలి. నల్లా ఇంకా వస్తుండగానే సంపు నిండిపోతోంది, ఫొటోలు పంపుతున్నాను. పార్కింగ్ పక్క గోడ దగ్గర 2,000 లీటర్ల ట్యాంకు పెట్టి, నల్లా లైనుకి కలిపి, సంపు నిండాక అందులోకి వచ్చేలా చేయిస్తే కొరత తీరుతుంది. ప్లంబర్‌ని ఎప్పుడు పంపుతారో చెబితే మేం ఇంట్లో ఉంటాం."

నల్లా ప్రెషర్ ఆ ట్యాంకు ఎత్తుకి ఎక్కుతుందో లేదో ప్లంబర్ చూడాలి. ఎక్కకపోతే సంపు నుంచి మోటారుతో నింపుకోవడమే. నల్లా లైనుకే నేరుగా మోటారు బిగిద్దామని ఎవరన్నా వద్దను, పట్టుబడితే మోటారూ పోతుంది, జరిమానా కూడా. డాబా మీదే పెడతానని ఓనర్ అంటే ఇంజినీర్‌కి చూపించమను. 2,000 లీటర్లంటే రెండు టన్నుల బరువు, స్లాబ్ మధ్యలో పెట్టేది కాదు.

అద్దె ఆపేస్తామన్న చివరి లైను తీసెయ్. దాని బదులు గత మూడు నెలల్లో వచ్చిన ట్యాంకర్ల తేదీలు, ఖర్చు రాసి పెట్టు. ఆ మొత్తం ట్యాంకు ధర పక్కన పెట్టి చూసుకోవడం అతనికి తెలుసు. నలుగురూ సంతకాలు చేసి కాగితం చేతికివ్వండి, వాట్సాప్‌లో కాపీ పంపండి.

గీతల సంగతి ఆదివారం ఫోన్ చేసి చెప్పు.

మీ మావయ్య