కోడలి పేరు ఆరోగ్య కార్డులో చేర్చడం ఎలా?

గాజువాకలో ఉంటున్నాం. మాకు బియ్యం కార్డు, ఎన్టీఆర్ వైద్య సేవ కార్డు ఉన్నాయి. కొత్తగా వచ్చిన కోడలి పేరు అందులో ఎలా చేర్చాలి?

మీ కుటుంబ అర్హతకు బియ్యం కార్డే ప్రధాన రుజువు కనుక, కోడలి పేరు ముందు అందులోకి రావాలి. చాలా దరఖాస్తులు ఆగిపోయేది ఇక్కడే: ఆమె పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే, ఒకే ఆధార్ నంబరు రెండు కార్డుల్లో ఉండటానికి వీల్లేదు. అందువల్ల మీ అబ్బాయి, కోడలి ఆధార్ కార్డులతో మీ వార్డు సచివాలయానికి వెళ్లి, ఆమె పేరును పుట్టింటి కార్డు నుంచి మీ కార్డులోకి మార్చమని దరఖాస్తు చేసి, ఆమె వేలిముద్రతో ఈకేవైసీ పూర్తి చేయించండి. ఆధార్‌లో ఇంటిపేరు, పుట్టిన తేదీ సరిగ్గా ఉన్నాయో లేదో ముందే చూసుకోవడం మంచిది. బియ్యం కార్డులో పేరు కనిపించాక ఆరోగ్య కార్డులో చేర్చమని అక్కడే అడగండి. ఈలోగా ఆసుపత్రి అవసరం పడితే, నెట్‌వర్క్ ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలవండి, లేదా 104కు ఫోన్ చేయండి.