డార్క్ చాక్లెట్‌లో క్యాలరీలు తక్కువా?

"అన్నా, బరువు తగ్గాలని మిల్క్ చాక్లెట్ మానేసి డార్క్ తింటున్నా. రోజూ మూడు ముక్కలు. కడపలో మా ఇంటి దగ్గర షాపులో 50 శాతం అని ఉన్నదే దొరుకుతుంది. క్యాలరీలు తగ్గినట్టేనా?"

తగ్గలేదు తమ్ముడూ. ముక్క 10 గ్రాములు అనుకుంటే మూడు ముక్కల మిల్క్ చాక్లెట్‌లో సుమారు 160 క్యాలరీలు, 70 శాతం డార్క్‌లో 175 దాకా ఉంటాయి. కోకో పెరిగితే కోకో బటర్ కూడా పెరుగుతుంది. అది కొవ్వు కదా, గ్రాముకు 9 క్యాలరీలు. చక్కెరకు నాలుగే.

తేడా అంతా చక్కెరలోనే. ఆ శాతం అంటే కోకో గింజ నుంచి వచ్చిన పొడి, బటర్ రెండూ కలిపిన బరువు. డార్క్‌లో మిగిలినది దాదాపు చక్కెరే. అంటే 70 శాతం దాంట్లో మూడు ముక్కలకు 9 గ్రాములు, రెండు చెంచాల పైచిలుకు. నువ్వు తినే 50 శాతం దాంట్లో 15 గ్రాముల దాకా ఉంటుంది, మిల్క్ చాక్లెట్‌లోనూ ఇంచుమించు అంతే! పేరుకే డార్క్. మిల్క్ చాక్లెట్‌కు మాత్రం ఈ లెక్క పనికిరాదు, మిగతా దాంట్లో పాలపొడి కూడా ఉంటుంది.

రేపర్ వెనక 100 గ్రాములకు షుగర్ ఎంతో చూడు. 30 లోపు ఉన్నది తీసుకో. ముక్క బరువు కావాలంటే బార్ బరువును ముక్కల సంఖ్యతో భాగించు. క్యాలరీలు తగ్గాలంటే మాత్రం ఒక్క ముక్కతో ఆపాల్సిందే. 70 శాతం చేదుకు అది కొంచెం సులువే.

మన ఎండలకు కరిగి గట్టిపడితే పైన తెల్లగా తేలుతుంది. అది బూజు కాదు, కొవ్వే. పారేయకు.