గోడ క్యాలెండరు మీద పెన్సిల్ చుక్కలు

ప్రశ్న: మా అమ్మాయికి 18 ఏళ్లు, ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ప్రతి నెలా మొదటి రోజు నొప్పితో మెలికలు తిరిగిపోతోంది, వాంతులు కూడా అవుతున్నాయి. ఇది మామూలేనా, డాక్టరుకు చూపించాలా? హాట్ వాటర్ బ్యాగ్, మాత్రలు వాడితే ఏమైనా ఇబ్బందా?

మా ఇంట్లో ఇద్దరం ఆడపిల్లలం. ఇద్దరికీ నెలసరి నొప్పి తీవ్రంగానే ఉండేది. అమ్మకు రెండూ ఒకటే. "ఆడపుట్టుక పుట్టాక తప్పుతుందా" అని వాము నీళ్లు చేతికిచ్చి తన పనిలో పడిపోయేది. నాది మామూలు నొప్పి అనీ, చెల్లెలిది జబ్బు అనీ తేలడానికి ఐదేళ్లు పట్టింది. ఆ తేడా మొదట బయటపడింది మా వంటింటి గోడ క్యాలెండరు మీద.

పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ రాసుకునే ఆ క్యాలెండరు మీదే రక్తస్రావం మొదలైన రోజుకు సున్నా చుట్టి, నొప్పి ఉన్న ప్రతి రోజుకూ పెన్సిల్‌తో చుక్క పెట్టడం మొదలుపెట్టాము. మూడు నెలల తర్వాత చూస్తే నా చుక్కలు సున్నా చుట్టిన రోజునా, ఆ మర్నాడూ మాత్రమే ఉన్నాయి. చెల్లెలి చుక్కలు సున్నాకు నాలుగు రోజుల ముందే మొదలై, రక్తస్రావం ఆగిపోయాక కూడా సాగాయి. నెల మధ్యలో కూడా రెండు మూడు కనిపించాయి. నొప్పి ఎవరికి ఎక్కువ అని అడిగితే, మొదటి రోజు వాంతి చేసుకుని బాత్‌రూమ్ గచ్చు మీద కూర్చుండిపోయేదాన్ని నేనే కాబట్టి, ఇంట్లో అందరూ నా పేరే చెప్పేవారు.

నాలాంటి నొప్పికి కారణం ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు. రక్తస్రావం మొదలయ్యే సమయంలో గర్భసంచి లోపలి పొర వీటిని ఎక్కువగా విడుదల చేస్తుంది, దానితో గర్భసంచి కండరం గట్టిగా బిగుసుకుంటుంది. వాంతులు, విరేచనాలు, తలతిరగడం కూడా వీటి ప్రభావమే కనుక, వాంతి అయినంత మాత్రాన లోపల ఏదో జబ్బు ఉందని భయపడనక్కరలేదు. రజస్వల అయిన ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు, అంటే అండం క్రమంగా విడుదల కావడం మొదలయ్యాక, ఈ నొప్పి ప్రవేశిస్తుంది. రక్తస్రావంతో పాటో, కొద్ది గంటల ముందో వచ్చి, పొత్తికడుపు నుంచి నడుముకూ తొడలకూ పాకి, రెండు మూడు రోజుల్లో తగ్గిపోతుంది. మీ అమ్మాయి నొప్పి కూడా మొదటి రోజుదే అంటున్నారు కాబట్టి చాలావరకు ఈ కోవకే చెందవచ్చు. అయితే మామూలు నొప్పి అంటే భరించవలసిన నొప్పి అని అర్థం కాదు. తరగతి మానేయవలసినంత నొప్పికి వైద్యం అవసరమే.

చెల్లెలి సంగతి వేరు. నెలనెలా పెరుగుతున్న నొప్పి, ఆ రోజుల్లో మలవిసర్జన సమయంలో కత్తితో కోసినట్లుండే బాధ, మాత్ర వేసుకున్నా ఫలితం లేకపోవడం ఆమె లక్షణాలు. మొదట చూసిన డాక్టరు స్కానింగ్ తీయించి, అంతా బాగానే ఉందనీ, పెళ్లయి ఒక బిడ్డ పుడితే అదే సర్దుకుంటుందనీ చెప్పి పంపేశారు. పందొమ్మిదేళ్ల పిల్లకు పెళ్లిని మందుగా రాయడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. రెండో డాక్టరు క్యాలెండరు కాగితం చూసి, మలవిసర్జన గురించి తానే అడిగి, ఇది ఎండోమెట్రియోసిస్ కావచ్చునన్నారు. గర్భసంచి లోపలి పొరవంటి కణజాలం బయట కూడా పెరిగే ఈ జబ్బు తొలిదశలో స్కానింగ్‌లో కనిపించకపోవచ్చు. హార్మోను మాత్రలు మొదలుపెట్టిన నాలుగో నెలకు ఆమె చుక్కలు చాలావరకు తగ్గిపోయాయి.

ఇక మాత్రల విషయం. నేను చాలాకాలం చేసిన పొరపాటు, ఓర్చుకోగలిగినంత ఓర్చుకుని చివరికి మాత్ర వేసుకోవడం. అప్పటికే వాంతులు మొదలై మాత్ర కూడా బయటికి వచ్చేసేది. ఐబుప్రొఫెన్, మెఫెనమిక్ యాసిడ్ వంటివి ప్రోస్టాగ్లాండిన్ల తయారీనే అడ్డుకుంటాయి, కాబట్టి నొప్పి తొలి సూచన కనిపించగానే వేసుకుంటేనే బాగా పనిచేస్తాయి. ఐబుప్రొఫెన్ అయితే 400 మిల్లీగ్రాములు, ఏదైనా తిన్న తర్వాత, ఎనిమిది గంటలకు ఒకసారి చొప్పున మొదటి రెండు మూడు రోజులు సాధారణంగా సరిపోతుంది. డాక్టరు చెప్పకుండా రోజుకు 1200 మిల్లీగ్రాములు దాటకూడదు. ఈ రెండు మందులూ ఒకే జాతివి కనుక రెండింటినీ కలిపి వాడకూడదు. కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలతో పెరిగే ఉబ్బసం ఉన్నవారికీ, గర్భం ఉండే అవకాశం ఉన్నవారికీ ఇవి తగవు. వానాకాలంలో జ్వరంతో కూడిన ఒళ్లు నొప్పులు ఉంటే డెంగీ కాదని తేలేవరకు వీటి జోలికి పోకుండా పారాసెటమాల్‌తో సరిపెట్టుకోవాలి. మెఫెనమిక్ యాసిడ్ వాడిన కొన్ని వారాల్లో జ్వరం, దద్దుర్లు, ముఖం వాపు వస్తే ఆపేసి డాక్టరును కలవాలి. అరుదైనదే అయినా ఇలాంటి తీవ్రమైన ప్రతిచర్య గురించి భారతీయ ఫార్మకోపియా కమిషన్ 2023లో హెచ్చరిక కూడా జారీ చేసింది. అందుకే మొదటిసారి డాక్టరును అడిగి, ఏ మాత్ర, ఎంత మోతాదు అన్నది రాయించుకోవడం మేలు.

వేడి కాపడం నిజంగా పనిచేస్తుంది, కానీ దానితో నేను పడిన పాట్లు నా పొట్ట మీద ఇంకా కనిపిస్తాయి. డిగ్రీ హాస్టల్లో మరుగుతున్న నీళ్లు నింపిన బ్యాగును నైటీ మీద పెట్టుకుని అలాగే నిద్రపోయేదాన్ని. కొన్ని నెలలకు బొడ్డు కింద చేపల వల పరిచినట్లు గోధుమరంగు గీతలు ఏర్పడ్డాయి. చర్మానికి పదే పదే వేడి తగలడం వల్ల వచ్చే మచ్చలవి. నీళ్లు మరిగించిన తర్వాత కొంతసేపు ఆరనిచ్చి, బ్యాగును మూడింట రెండు వంతులే నింపి, గాలి నొక్కేసి బిరడా బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని, మందపాటి తువ్వాలు చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకుంటే చాలు. రబ్బరు పగుళ్లిచ్చిన పాత బ్యాగును పారేయాలి. నిద్ర వస్తుంటే బ్యాగును పక్కన పెట్టేయాలి.

మీ అమ్మాయిని మూడు విషయాలు అడగండి: నొప్పి రక్తస్రావానికి ముందే, రోజుల తరబడి ఉంటోందా, నెలనెలా పెరుగుతోందా, మలమూత్ర విసర్జన సమయంలో బాధగా ఉందా. వీటిలో ఏ ఒక్కదానికి అవునన్నా, గంటకొక ప్యాడ్ నిండిపోతున్నా, రక్తస్రావం ఏడు రోజులు దాటుతున్నా, మూడు నెలలు వేళకు మాత్రలు వాడినా తగ్గకపోయినా గైనకాలజిస్టుకు చూపించాలి. ఒక పక్కన హఠాత్తుగా పొడిచినట్లు నొప్పి, స్పృహ తప్పడం, జ్వరం, నెల తప్పిన తర్వాత వచ్చే నొప్పి ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఇవేవీ లేకుంటే, వచ్చే నెల నొప్పి తొలి గంటలోనే, కాస్త ఉప్మా అయినా తిన్నాక మాత్ర వేసుకునేలా చూడండి. చుక్కలు మాత్రం ఈ నెల నుంచే పెట్టించండి. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఆ కాగితం చింపి తీసుకెళ్లవచ్చు, పాల లెక్క ఉన్నా ఫరవాలేదు.