కోడ్లు పొంతన లేకుండా ఉన్నాయి, థీమ్‌లకు కొటేషన్లు చాలడం లేదు: ఎక్కడి నుంచి సరిచూడాలి?

ప్రశ్న: పీహెచ్‌డీ కోసం 20 ఇంటర్వ్యూలు చేశాను. నేనూ నా ఫ్రెండూ చెరి సగం కోడ్ చేశాం. "ఒకే కోడ్‌ను ఇద్దరూ రెండు రకాలుగా వాడారు, పైగా రెండు థీమ్‌లకు కొటేషన్లు పల్చగా ఉన్నాయి" అని గైడ్ తిప్పి పంపారు. అన్నీ మళ్లీ మొదటి నుంచి కోడ్ చేయాలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు:

మొదటి నుంచి అక్కర్లేదు. ఇప్పటిదాకా ఇంటర్వ్యూల వరుసలో చదివి ఉంటారు. ఇప్పుడు కోడ్ వారీగా చదవండి. ఒక్క కోడ్ తీసుకుని, దాని కింద పడ్డ ముక్కలన్నీ ఒకచోట పేర్చి, ఒక్క బిగిన చదవాలి. ఇంటర్వ్యూ వరుసలో చదివితే ప్రతి ముక్కా ఆ మనిషి కథలో చక్కగా కుదిరినట్టే అనిపిస్తుంది, తేడా పట్టుబడదు. పక్కపక్కన పెడితే మాత్రం "ఇదీ అదీ ఒకటెలా అవుతాయి" అని మీకే అనిపిస్తుంది.

మా పనిలో జరిగింది చెప్తాను. హైదరాబాద్ బస్తీల్లో షుగర్ ఉన్నవాళ్లు గోలీలు మధ్యలో ఎందుకు మానేస్తున్నారన్నది మా ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌కు డబ్బుల్లేక ఎక్సెల్‌లోనే చేశాం. ఒక్కో ముక్కకు ఒక్కో వరుస: ఎ కాలమ్‌లో మనిషి నంబరు, బిలో లైను నంబరు, సిలో వాళ్ల మాట, డిలో కోడ్, ఇలో కోడ్ వేసింది ఎవరు. ఆ చివరి కాలమ్ చాలామంది పెట్టుకోరు, అసలు పనికొచ్చేది అదే.

"ఇంటివాళ్ల సాయం" అనే కోడ్‌ను ఫిల్టర్ చేసి చదివితే మూడు రకాల మాటలు కనిపించాయి. ఒకాయన "గోలీలు అయిపోతే నా కొడుకే తెస్తడు" అన్నాడు. ఒకావిడ "మా కోడలు స్వీట్ ముట్టనియ్యది" అంది. ఇంకొకాయన "కొడుకున్నడు, ఆనికి ఇద్దరు పిల్లలు, నేనేమడుగుత" అన్నాడు. మొదటిది సాయం, రెండోది కట్టడి, మూడోది అసలు సాయం లేకపోవడం. ఇ కాలమ్ చూస్తే కారణం తెలిసింది. మా ఇద్దరు కోడర్లలో ఒకరు ఇంటివాళ్ల ప్రస్తావన వస్తే చాలు ఆ కోడ్ వేశారు, ఇంకొకరు నిజంగా సాయం అందినప్పుడే వేశారు. తప్పు ఇద్దరిదీ కాదు. కోడ్‌బుక్‌లో ఆ కోడ్ ఎదురుగా ఉన్న వివరణ ఒక్క లైనే, దాన్ని ఎవరు ఎలా చదివినా చెల్లుతుంది.

అందుకని కోడ్‌ను మూడుగా విడగొట్టి, ఒక్కోదానికి నాలుగు సంగతులు రాసుకున్నాం: అర్థం, ఏవి వస్తాయి, ఏవి రావు, అంచున ఉన్న ఒక ఉదాహరణ. ఆ అంచు ఉదాహరణ దగ్గరే అసలు చర్చంతా జరిగింది. స్వీట్ ముట్టనివ్వని కోడలి మాటే తీసుకోండి. ఆ ముక్క వరకే చదివితే అది సాయమో కట్టడో తేలదు. ఆవిడ తర్వాతి లైను "గందుకే షుగర్ దిగింది". ఇంకో ఇంట్లో ఒక ముసలాయన కూడా అదే మాట చెప్పి, ఆ వెంటనే "దొంగతనంగ తింట" అని నవ్వాడు. అందుకే ముందూ వెనకా రెండేసి లైన్లు చూడకుండా ఏ ముక్కకూ ఈ కోడ్ మార్చొద్దని అనుకున్నాం. మాట్లాడే మనిషి దాన్ని ఎలా చెప్పుకున్నాడో దాన్నిబట్టే కోడ్, మనకు ఎలా అనిపించిందో దాన్నిబట్టి కాదు.

ఒక చిక్కుంది. కోడ్ వారీగా చదివితే తప్పుగా చేరినవే దొరుకుతాయి, చేరకుండా మిగిలిపోయినవి దొరకవు. వాటి కోసం ట్రాన్స్‌క్రిప్టుల్లో మాటలు పెట్టి వెతకాలి. కొడుకు, కోడలు, బిడ్డ, మా ఆయన అని వెతికితే కోడే పడని ముక్కలు చాలా బయటికొచ్చాయి. టైప్ చేసినవాళ్లు "కొడ్కు" అని రాసినవీ, ఉర్దూలో మాట్లాడినవాళ్ల "బేటా", "బహు" కూడా కలిపి వెతకండి. ఇంకొకటి, ప్రతి కోడ్‌ను ఇంటర్వ్యూ తేదీల వరుసలో పెట్టి చూడండి. ఏదైనా కోడ్ సగం నుంచే మొదలైతే అది మధ్యలో పుట్టిన కోడ్ అన్నమాట. దానికోసం మొదటి సగం మళ్లీ తిరగేయాల్సిందే, ఇక్కడ దగ్గరి దారి లేదు.

ఇద్దరి కోడింగ్ ఎంతవరకు కలిసిందో చూపే కప్పా అనే అంకెను గైడ్ అడుగుతారేమో. అది కావాలంటే ఒకే ట్రాన్స్‌క్రిప్టును ఇద్దరూ విడివిడిగా కోడ్ చేసి ఉండాలి. మీరు చెరి సగం పంచుకున్నారు కాబట్టి ముందు రెండు మూడు ఇంటర్వ్యూలైనా ఇద్దరూ చేయాలి. చేశాక కోడ్ వారీగా లెక్కించండి. మొత్తానికి ఒకే అంకె తీస్తే తేలిక కోడ్లు చెడ్డ కోడ్‌ను దాచేస్తాయి. మీది బ్రౌన్, క్లార్క్ చెప్పే, కోడ్ వేసేవాళ్ల సొంత చూపు కూడా విశ్లేషణలో భాగమేననే రిఫ్లెక్సివ్ పద్ధతైతే మాత్రం కప్పా అక్కడ పొసగదు, వాళ్లే వద్దంటారు. ఆ మాట గైడ్‌తో ముందే తేల్చుకోండి.

ఇక థీమ్‌లు. ఎన్ని కొటేషన్లు అని కాదు, ఎంతమంది మనుషులు అని చూడాలి. కోడ్లు అడ్డంగా, మనుషులు నిలువుగా పివట్ టేబుల్ వేస్తే ఒక్క చూపులో తెలుస్తుంది. ఒక్క గడి చూసుకోవాలంటే ఇది చాలు:

```
=COUNTIFS(D:D,"గోలీలపై అపనమ్మకం",A:A,"P09")
```

"సర్కారు గోలీల మీద నమ్మకం లేదు" అని మాకొక థీమ్ ఉండేది, దాని కింద 14 ముక్కలు. చూడ్డానికి బలంగానే ఉంది. పివట్ వేస్తే 8 ముక్కలు ఒక్క మనిషివే, మంచి మాటకారి. ఇంకో 3 ముక్కలకు పైనున్న ప్రశ్న చదివితే, అడిగినాయనే "ఆ గోలీలు పనిచేయవనుకుంటున్నారా" అని జవాబు నోటికందించాడు, అవతలివాళ్లు "ఆ, అంతే సార్" అన్నారు. అవి లెక్కలోకి రావు. మిగిలిన మూడింట్లో ఒకటి "కడుపుల మంట లేస్తది" అన్న మాట. అది దుష్ప్రభావం గురించి, నమ్మకం గురించి కాదు. చివరికి మాటకారి కాక ఇద్దరే మిగిలారు.

అక్కడే థీమ్ కొట్టేయకుండా, ఆ మాటకారి 8 ముక్కలనే మళ్లీ చదివాం. వాటిలో ఎక్కువ భాగం ఒకే గొడవ: "పోయినసారి తెల్లది ఇచ్చిన్రు, ఈసారి పచ్చది". "రంగు", "పెద్ద గోలీ", "వేరే కంపెనీ" అని ట్రాన్స్‌క్రిప్టులన్నిట్లో వెతికితే ఇంకో ఆరుగురు అదే చెప్పారు, కాకపోతే ఆ ముక్కలన్నీ "మందుల గందరగోళం" అనే కోడ్ కింద కూర్చున్నాయి. ఇందులో ప్రైవేటు షాపులో కొనేవాళ్లూ ఉన్నారు, అంటే సర్కారు అన్న మాటే థీమ్‌లో ఉండాల్సింది కాదు. "గోలీ రూపం మారితే అనుమానం" అని థీమ్ మార్చాం. పల్చగా కనిపించే థీమ్ కొన్నిసార్లు ఇలా పేరు తప్పిందే అయి ఉంటుంది, దాని మాటలు వేరే కోడ్ కింద ఉంటాయి. అలాగే దానికి ఎదురు మాట్లాడినవాళ్లనూ వెతకండి. రంగు మారినా పట్టించుకోకుండా వేసుకున్నవాళ్లు మాకు కనిపించారు. వాళ్లలో ఎక్కువమందికి మందిచ్చేటప్పుడు ఎవరో ఒకరు "ఇదీ అదే మందు" అని చెప్పి ఉన్నారు. ఆ థీమ్‌లో అన్నిటికంటే పనికొచ్చిన సంగతి అదే.

వెతికినా ఏమీ దొరక్కపోతే దాన్ని పెద్ద థీమ్ కింద ఉపథీమ్‌గా దించేయండి, లేదా ఒకరిద్దరి మాటగానే రాయండి. ఇన్ని కొటేషన్లు ఉంటేనే థీమ్ అన్న లెక్కేమీ లేదు. ఇద్దరు చెప్పింది కూడా ముఖ్యమే కావచ్చు, కానీ థీసిస్‌లో "చాలామంది" అని రాస్తే దొరికిపోతారు. ప్రతి కొటేషన్ పక్కనా మనిషి నంబరు వేయండి, జర్నళ్లు అడిగే కోరెక్ చెక్‌లిస్టులో కూడా అది ఉంది. ఒకే నంబరు మళ్లీ మళ్లీ వస్తే ఎగ్జామినర్ కంటే ముందు మీకే కనిపిస్తుంది.

గైడ్‌కు పంపేటప్పుడు పాత కోడ్‌బుక్ చెరిపేయకండి. ఏ కోడ్ ఎప్పుడు, ఎందుకు మారిందో తేదీతో ఒక షీటులో రాసి, పివట్‌తో కలిపి పంపండి.