లైన్‌వీవర్-బర్క్ ప్లాట్‌లో Km, Vmax ఎలా చదవాలి? కాంపిటీటివ్ ఇన్హిబిటర్‌ని ఎలా గుర్తుపట్టాలి?

ప్రశ్న: ఇన్హిబిటర్ వేశాక మా గ్రాఫ్‌లో గీత x-అక్షాన్ని తాకే చోటు −2 నుంచి −0.67కి వచ్చింది. అంకె తగ్గింది కదా, మరి Km పెరిగిందని ఎందుకు రాయాలి? ఇది కాంపిటీటివ్ అని గ్రాఫ్ చూసి ఎలా తేల్చాలండీ?

జవాబు:

మీరక్కడ చదువుతున్నది Km కాదండీ, −1/Km. మైనస్ గుర్తు తీసేసి తిరగేయండి: 2 కాస్తా 0.5 అవుతుంది, 0.67 కాస్తా 1.5 అవుతుంది. అంటే Km మూడు రెట్లు పెరిగింది. రెండు అక్షాల మీదా ఉన్నవి తలకిందులు చేసిన విలువలే కాబట్టి, ఈ గ్రాఫ్‌లో సున్నా వైపు జరగడమంటే అసలు విలువ పెరగడమే.

నేను ఏళ్లుగా బయోకెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయిస్తున్నాను. రికార్డుల్లో ఎక్కువగా తడబడేది సరిగ్గా ఇక్కడే. అందుకే మేము చేయించే ప్రయోగంతోనే చెబుతాను. ఎంజైమ్ ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, సబ్‌స్ట్రేట్ పారా-నైట్రోఫినైల్ ఫాస్ఫేట్. ఎంజైమ్ ఫాస్ఫేట్‌ని తెంచగానే పసుపు రంగు వస్తుంది, దాన్ని 405 నానోమీటర్ల దగ్గర చదువుతాం. ఇన్హిబిటర్‌గా వేసేది మామూలు ఇనార్గానిక్ ఫాస్ఫేట్, 1 మిల్లీమోలార్. అది సబ్‌స్ట్రేట్ కూర్చునే యాక్టివ్ సైట్‌లోనే కూర్చుంటుంది. కింది అంకెలు లెక్క తేలిగ్గా కనిపించేలా సర్దినవి. [S] మిల్లీమోలార్‌లో, v నిమిషానికి మైక్రోమోలార్‌లో.

| [S] | 1/[S] | v | 1/v | ఫాస్ఫేట్‌తో v | ఫాస్ఫేట్‌తో 1/v |
|---|---|---|---|---|---|
| 0.125 | 8 | 4.0 | 0.25 | 1.54 | 0.65 |
| 0.25 | 4 | 6.67 | 0.15 | 2.86 | 0.35 |
| 0.5 | 2 | 10 | 0.10 | 5.0 | 0.20 |
| 1 | 1 | 13.3 | 0.075 | 8.0 | 0.125 |
| 2 | 0.5 | 16 | 0.0625 | 11.4 | 0.0875 |

గీత సమీకరణం ఇది:

```
1/v = (Km/Vmax) × (1/[S]) + 1/Vmax
```

గ్రాఫ్ షీట్ మీద గీసేటప్పుడు y-అక్షాన్ని ఎడమ అంచున పెట్టకండి, షీట్‌లో కొంచెం లోపలికి జరపండి. లేకపోతే గీతని వెనక్కి పొడిగించడానికి చోటుండదు. ఫాస్ఫేట్ లేని గీత y-అక్షాన్ని 0.05 దగ్గర తాకుతుంది. అది 1/Vmax కాబట్టి Vmax 20. అదే గీతని స్కేలుతో ఎడమకి పొడిగిస్తే x-అక్షాన్ని −2 దగ్గర తాకుతుంది, Km 0.5. వాలు 0.025 వస్తుంది. దాన్ని 20తో గుణిస్తే మళ్లీ 0.5 రావాలి. రాలేదంటే గీత గీయడంలోనో చదవడంలోనో తేడా ఉన్నట్టే. ఈ సరిచూసుకోవడం మాత్రం మానకండి.

ఇప్పుడు ఫాస్ఫేట్ ఉన్న గీత. వాలు 0.075, మూడు రెట్లు నిటారైంది. కానీ y-అక్షాన్ని తాకేది మళ్లీ 0.05 దగ్గరే. రెండు గీతలూ y-అక్షం మీదే కలిశాయంటే Vmax మారలేదు, Km మాత్రమే పెరిగింది. కాంపిటీటివ్ ఇన్హిబిషన్‌కి గ్రాఫ్‌లో గుర్తు అదే. y-అక్షం అంటే 1/[S] సున్నా అయిన చోటు, అంటే సబ్‌స్ట్రేట్ అనంతంగా ఉన్న స్థితి. అంత సబ్‌స్ట్రేట్ ఉంటే యాక్టివ్ సైట్‌లోకి ఫాస్ఫేట్‌కి సందు దొరకదు, ఎంజైమ్ తన పూర్తి వేగం చేరుకుంటుంది. సబ్‌స్ట్రేట్ తక్కువున్న కుడి వైపునే రెండు గీతలూ దూరంగా విడిపోతాయి.

అఫినిటీ తగ్గిందని రాసేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. ఖాళీగా ఉన్న ఎంజైమ్‌కి సబ్‌స్ట్రేట్ మీదున్న అఫినిటీ ఏమీ మారలేదు. కొంత ఎంజైమ్‌ని ఫాస్ఫేట్ పట్టుకుని ఉంచింది కాబట్టి, సగం వేగం రావడానికి ఇప్పుడు ఎక్కువ సబ్‌స్ట్రేట్ కావాలి. అందుకే 1.5ని "అపరెంట్ Km" అని రాయాలి. పెరిగిన రెట్లలోంచి 1 తీసేసి, దాంతో ఇన్హిబిటర్ గాఢతని భాగిస్తే Ki వస్తుంది: 1/(3 − 1) = 0.5 మిల్లీమోలార్.

నిజం అంకెలతో గీసినప్పుడు గీతలు ఇంత చక్కగా కలవవు. దానికి ముఖ్య కారణం తలకిందులు చేయడమే. v 4.0 ఉన్న ట్యూబ్‌లో 0.4 తక్కువ చదివితే 1/v 0.25 నుంచి 0.278కి ఎగబాకుతుంది. అదే 0.4 తేడా v 16 ఉన్న ట్యూబ్‌లో వస్తే 0.0625 కాస్తా 0.0641 అవుతుంది, గ్రాఫ్ మీద కంటికి కూడా ఆనదు. పైగా ఆ మొదటి ట్యూబ్ కుడి చివర ఒంటరిగా ఉంటుంది కాబట్టి గీతని తనవైపు లాగేస్తుంది. అదొక్కటే 3.6 చూపి మిగతా నాలుగూ సరిగ్గా ఉన్నా, లీస్ట్ స్క్వేర్స్‌తో గీసిన గీత Vmax 22.6, Km 0.65 అని చెబుతుంది. Kmలో 30 శాతం తప్పు! రెండు గీతల్లో ఒకదానికి ఇలా జరిగితే అవి y-అక్షం మీద కలవక మిక్స్‌డ్ ఇన్హిబిషన్‌లా కనిపిస్తాయి.

ఆ ట్యూబే తక్కువ చూపడానికి మామూలుగా కనిపించే కారణం టైమ్. 0.125 మిల్లీమోలార్ అంటే 125 మైక్రోమోలార్. నిమిషానికి 4 చొప్పున ఖర్చైతే మూడు నిమిషాలకే దాదాపు పదో వంతు అయిపోతుంది. పది నిమిషాలు ఉంచి రియాక్షన్ ఆపి ఒక్క రీడింగ్ తీసుకుంటే, సగటు వేగం 3.5కి పడిపోతుంది. కావలసింది ఇనీషియల్ వెలాసిటీ కాబట్టి తక్కువ సబ్‌స్ట్రేట్ ఉన్న ట్యూబ్‌లని మొదటి రెండు మూడు నిమిషాల్లోనే, అరనిమిషానికొకసారి చదవండి. రీడింగులు సరళరేఖలో ఉన్నంత వరకే వాడండి, వంగడం మొదలైన భాగాన్ని వదిలేయండి.

రెండో చివర కూడా చూసుకోవాలి. ఫాస్ఫేట్ ఉన్నప్పుడు 2 మిల్లీమోలార్ సబ్‌స్ట్రేట్‌తో వచ్చే 11.4 వేగం Vmaxలో 57 శాతమే. ఇంత దూరం నుంచి y-అక్షం దాకా పొడిగించి "Vmax మారలేదు" అనడం బలహీనమైన వాదన. 6 మిల్లీమోలార్‌తో ఇంకో ట్యూబ్ పెడితే 80 శాతానికి, అంటే 16కి చేరుతుంది. అప్పుడు నమ్మొచ్చు.

ఈ ఎంజైమ్‌తోనే చేస్తుంటే బఫర్ కూడా ఒకసారి చూడండి. ఫాస్ఫేట్ బఫర్ వాడితే కంట్రోల్ ట్యూబ్‌లలో కూడా ఇన్హిబిటర్ ఉన్నట్టే. Vmax బాగానే వస్తుంది, Km మాత్రం ఎందుకో పెద్దదిగా వస్తుంది. మేము డైఇథనోలమీన్ బఫర్ వాడతాం.

ఈ ప్లాట్ 1934 నాటిది, చేత్తో గీత గీసి విలువలు తీసే కాలానిది. ఇప్పుడు Km, Vmax విలువల కోసం v, [S] అంకెల్నే నాన్-లీనియర్ ఫిట్‌కి ఇవ్వడం మేలు. ఏ రకం ఇన్హిబిషనో కంటితో చూడటానికి మాత్రం ఈ గ్రాఫే నాకిష్టం. వీలైతే 2 మిల్లీమోలార్ ఫాస్ఫేట్‌తో మూడో గీత కూడా తీయండి. దాని వాలు 0.125 రావాలి. అప్పుడు 0.025, 0.075, 0.125 అనే మూడు వాలుల్నీ ఫాస్ఫేట్ గాఢతకి ఎదురుగా గీసి ఎడమకి పొడిగిస్తే, అడ్డ అక్షాన్ని −0.5 దగ్గర తాకుతుంది. అది −Ki. ఈ మూడు బిందువులూ ఒకే గీత మీద పడి, మూడు గీతలూ y-అక్షం మీద ఒకేచోట కలిస్తే రికార్డులో కాంపిటీటివ్ అని ధైర్యంగా రాయండి.